సోమ, బుధ, శుక్రవారాలు

విడిపోయేటప్పుడు జనం ఇల్లు పంచుకుంటారు, సామాన్లు పంచుకుంటారు. నేనూ నా భార్యా జిమ్ కూడా పంచుకున్నాం. ఇద్దరికీ దగ్గర్లో ఉన్నది అదొక్కటే. ఎదురుపడి మొహాలు తిప్పుకోవడం ఎందుకని సోమ, బుధ, శుక్రవారాలు నాకు, మంగళ, గురు, శనివారాలు ఆమెకు అనుకున్నాం. ఇంత సర్దుబాటు కాపురంలో చూపించి ఉంటే ఈ పంపకమే ఉండేది కాదని అక్కడి కోచ్ నా మొహమ్మీదే అన్నాడు. మనిషి మంచివాడే, నోరే ఆగదు.

అంతకుముందు వారానికి నాలుగు రోజులు కలిసి వెళ్లేవాళ్లం. రెండు రోజులు నడుముకు పైభాగం, రెండు రోజులు కిందిభాగం. జిమ్ భాషలో అప్పర్, లోయర్. నేను బెంచీ మీద పడుకుని బార్ ఎత్తుతుంటే అది జారితే అందుకోవడానికి ఆమె నా తల వెనక కాపలాగా నిలబడేది. ఆ షెడ్యూలు ఇద్దరం కూర్చుని వేసుకున్నాం. మా మధ్య గొడవ లేకుండా జరిగిన పని బహుశా అదొక్కటే.

ఇప్పుడు నాకున్నవి మూడు రోజులు. అయినా అప్పర్, లోయర్‌నే పట్టుకుని వేలాడాను. ఒక వారం అప్పర్, లోయర్, అప్పర్. మరుసటి వారం లోయర్, అప్పర్, లోయర్.

"అన్నా, ఫుల్ బాడీకి మారిపో," అన్నాడు కోచ్. "వచ్చిన ప్రతిసారీ కాళ్ళకొకటి, ఛాతీకొకటి, వీపుకొకటి. ఒక రోజు పోయినా మిగతా రెండు రోజుల్లో ఒళ్ళంతా పనిచేస్తుంది. నీ పద్ధతిలో ఒక రోజు పోతే సగం ఒళ్ళు పస్తే."

"వారం మొత్తం మీద సెట్లు సమానమైతే రెండూ ఒకటేనని నువ్వే అన్నావుగా?"

"అన్నాను. మానకుండా వచ్చేవాళ్ళ సంగతి అది. నువ్వు డుమ్మా కొడతావు కదా!"

కొడతాను, నిజమే. కళ్ళజోళ్ళకు అద్దాలు అరగదీసే పని నాది. ఆర్డర్లు మీద పడితే షాపులోంచి కదల్లేను. అయినా తల అడ్డంగా ఊపాను. అసలు కారణం కోచ్‌కి చెప్పలేదు. ఆమె తిరిగొస్తే, నాలుగో రోజు కలుపుకుని ఎక్కడ ఆపామో అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చని నా ఆశ. ఫుల్ బాడీకి మారానంటే ఇక ఆమె రాదని నేనే ఒప్పుకున్నట్టు. అటు ఆమె కూడా మూడు రోజుల్లో ఆ పాత షెడ్యూలే లాక్కొస్తూ ఉంటుందని నాకు గట్టి నమ్మకం. ఆధారమేమిటని అడిగితే, ఏమీ లేదు.

ఒక వారం లోయర్ బుధవారం ఒక్కటే పడింది. సరిగ్గా ఆ రోజే షాపులో మిషన్ మొరాయించింది, వెళ్లలేకపోయాను. శుక్రవారం కోచ్, "ఇవాళ కాళ్ళు చేసెయ్యి. వరస ఒక రోజు జరుగుతుంది, అంతేగా," అన్నాడు.

"శుక్రవారం అప్పర్," అన్నాను. మా షెడ్యూల్లో రోజులు జరపడం ఉండేది కాదు మరి.

సోమవారం స్క్వాట్‌కని బార్ భుజాలకెత్తుకునేసరికి కాళ్ళు పని చేసి పది రోజులైంది. బరువు పాతదే. మూడోసారి కిందికి కూర్చున్నవాణ్ణి లేవలేకపోయాను. రాక్ అనే ఇనుప చట్రానికున్న అడ్డకడ్డీల మీద బార్ ఆగింది, నేను దాని కింద చతికిలబడ్డాను.

కోచ్ పరుగెత్తుకొచ్చాడు. దెబ్బ తగల్లేదని చూసుకున్నాక అందుకున్నాడు. "చెప్తే వినవు! వదిన మొదటి వారమే ఫుల్ బాడీకి మారింది, తెలుసా?" అని నాలుక కరుచుకున్నాడు. "అదే... మేడమ్."

మొదటి వారమే. నేనిక్కడ నాలుగో రోజుకు చోటు అట్టేపెడుతుంటే, ఆమె అప్పటికే మూడు రోజులకు సరిపడా సర్దేసుకుంది. నేలమీంచి లేవకుండానే అడిగాను.

"స్క్వాట్ ఎంత ఎత్తుతోంది?"

"యాభై అయిదు కిలోలు దాటింది అన్నా."

నాతో ఉన్నప్పుడు నలభై అయిదు దగ్గర నెలల తరబడి ఆగిపోయింది. అంత బాధలోనూ నాకు నిజంగా సంతోషం వేసింది. ఈ సంగతి చెప్పుకుని మురిసిపోదామంటే, ఉన్నది ఆమె ఒక్కతే.

అసలు ప్రశ్న చివరికి అడిగేశాను. "బెంచీ మీద బార్ ఎత్తేటప్పుడు తన వెనక ఎవరు నిలబడుతున్నారు?"

"ఎవరూ లేరు. రాక్‌లోకి బెంచీ లాక్కుని, అడ్డకడ్డీలు ఎంత ఎత్తులో పెట్టుకోవాలో నన్నడిగి నేర్చుకుంది. ఇక మనిషితో పనేముంది?"

ఎవడో ఉన్నాడంటే కోపమైనా తెచ్చుకునేవాణ్ణి. లేచి, బార్ మీది బరువులన్నీ తీసేశాను. బెంచీని రాక్‌లోకి ఈడ్చాను.

"నాకూ చూపించు," అన్నాను.