నుదుటి మాట గడ్డం మీద

వడ్రంగికి పక్షవాతం తేలికగానే వచ్చింది గానీ, పడటం మాత్రం గట్టిగా పడ్డాడు. రంపం బల్ల పక్కన కుడి భుజం మీద కూలాడు. ఆయనకు పుట్టుకతోనే వినపడదు. అరవై ఏళ్లుగా మాటంతా చేతుల్తోనే. కుడి చేతి వేళ్లు బాగానే ఆడుతున్నాయి. ఎడమ చేతికి సెలైన్ సూది గుచ్చి, కదలకుండా చెక్కకు కట్టేశారు.

రెండో రోజుకే మాట పోయిందన్నారు. మెదడు ఎడమ భాగంలో దెబ్బ తగిలిందని, దానివల్ల సైగల భాష కూడా పాడవుతుందని డాక్టరు చెప్పాడు. కూతురికి అనుమానం రాలేదు. తను కళ్లారా చూస్తోంది కదా! నర్సు కిటికీ మూసి వెళ్తుంటే నాన్న, "అబద్ధం, అబద్ధం" అని సైగ చేశాడు. సాయంత్రం, "అమ్మ ఇంకా రాలేదేం?" అని అడిగాడు. నానమ్మ పోయి ఇరవై ఏళ్లు. కూతురు గుండె రాయి చేసుకుని, "చనిపోయింది" అని ఒక్క సైగ చేసింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులు ముద్ద ముట్టలేదు.

నాలుగో రోజు స్పీచ్ థెరపిస్టు కాగితాలతో వచ్చింది. నడివయసు మనిషి, మాటల్లో తొందర లేదు. సైగల భాష తనకు రాదని ముందే ఒప్పుకుంది. ఆయన ముందు బొమ్మలు పెట్టి, కూతురితో ఒక్కో పేరూ సైగ చేయించింది. ఆయన ఒక్కటీ తప్పకుండా సరైన బొమ్మే చూపించాడు. తర్వాత తనే బొమ్మలు చూపించి, ఆయన్ని పేర్లు సైగ చేయమంది.

"అర్థం చెప్పకమ్మా," అంది కూతురితో. "చేయి ఏ ఆకారంలో ఉంది, ఎక్కడుంది, ఎలా కదిలింది, అంతే చెప్పు."

"అదేంటి మేడమ్? మాట అడక్కుండా అక్షరాలడుగుతున్నారు!"

"అక్షరాలే కావాలి నాకు."

కూతురు విసుగ్గానే మొదలెట్టింది. పిడికిలితో మణికట్టు మీద రెండుసార్లు తడితే 'పని'. అక్కడే, అలాగే రెండు వేళ్లతో తడితే 'డాక్టరు'. అదే పిడికిలి తట్టకుండా రుద్దితే 'ఉతకడం'. ఎడమ చేయి కట్టేసి ఉన్నా నాన్న దాని మీదే మూడూ తప్పు లేకుండా చేశాడు. పుట్టినప్పటి నుంచీ వాడుతున్న మాటలు ఇంత చిన్న తేడాలతో విడిపోతున్నాయని ఆమె ఎన్నడూ గమనించలేదు.

"ఆకారం తప్పలేదు, కదలికా తప్పలేదు," అంది థెరపిస్టు. "మరి తప్పినవి చెప్పు. 'అబద్ధం' ఎలా చేస్తారు?"

"వంచిన చూపుడు వేలు గడ్డం మీద అడ్డంగా లాగాలి."

"అదే వేలు, అదే లాగుడు, ఇంకెక్కడైనా ఉందా?"

"నుదుటి మీద. దానికర్థం... ఉక్కపోత."

నర్సు కిటికీ మూసింది. నాన్నకు ఉక్కపోసింది.

థెరపిస్టు కాగితం మీద మనిషి తల బొమ్మ వేసి, గడ్డం దగ్గర గీత గీసింది. "మెదడులో మాట చెదిరితే తప్పులు సాధారణంగా ఇలా ఒక్క గీత దగ్గరే ఆగవమ్మా. ఈయనకు భుజం లేవట్లేదు, అంతే. నుదుటి మాటలు గడ్డం దాకా వచ్చి ఆగిపోతున్నాయి. మనం మాట్లాడేటప్పుడు మన నోరు మనం చూసుకోం కదా, ఈయనా అంతే, తన చేయి చూసుకోడు."

కూతురు ఒక సైగను తన గడ్డం మీద, తర్వాత నుదుటి మీద చేసి చూసుకుంది. విప్పిన అయిదు వేళ్లు, బొటనవేలితో రెండుసార్లు తట్టడం: గడ్డం మీదైతే 'అమ్మ'. నుదుటి మీదైతే 'తమ్ముడు'.

"మేడమ్, నాన్న మా బాబాయి గురించి అడిగాడు. నేను చనిపోయిందన్నాను. మా సైగలో పోయాడన్నా, పోయిందన్నా ఒకటే."

థెరపిస్టు మంచం దగ్గరకెళ్లి వడ్రంగి మోచేతి కింద అరచేయి పెట్టి మెల్లగా ఎత్తింది. ఆయన నొప్పితో పళ్లు బిగించాడు. బొటనవేలు నుదుటికి తగిలింది, రెండుసార్లు. కళ్లు నిండాయి. చేయి దించాక, "ఎప్పుడు? ఎలా?" అని అడిగాడు.

కూతురు వెంటనే బాబాయికి వీడియో కాల్ చేసింది. పొరుగూళ్లో, ప్రింటింగ్ ప్రెస్సులో, సిరా చేతులతో ఆయన తెర మీద కనిపించాడు. ఎల్లుండి వస్తున్నానని సైగ చేశాడు. వడ్రంగి ఆ తెరను చాలాసేపు చూశాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"ఈ రెండు రోజులూ నాకు మతి పోయిందనుకున్నావా?"

"అనుకున్నాను నాన్నా."

ఆయన మొహం తిప్పుకున్నాడు. ఈసారి కాసేపే.

మధ్యాహ్నానికి సెలైన్ తీసేశారు. ఏ చేత్తో చేసినా మాట మారదు. అందుకని ఆయన ఎడమ చేతికి మారాడు. నత్తివాడి మాటలా వంకరగా, నెమ్మదిగా వచ్చింది గానీ, నుదుటి మాట నుదుటి మీదే పడింది. డాక్టరు ఫైలులో 'మాట నష్టం' అన్న చోట కొట్టేసి, 'భుజం గాయం' అని రాసి, ఫిజియోథెరపీకి పంపాడు.

ఎడమ చేత్తో ఆయన మొదట అడిగింది పెరుగన్నం. రెండోది, కిటికీ తెరవమని.