సోమవారం సోమవారం పాడయ్యే పట్టిక

నా షాపుకి వచ్చేవాళ్ళు నాతో మాట్లాడరు. "రెండు కాపీలు", "రెండు వైపులా", "తొందరగా" అంటారు, కాగితాలు పట్టుకుని పోతారు. వాళ్ళని అని ఏం లాభం? నా మొహమూ అలాంటిదే, నా నోరూ అలాంటిదే. టైపింగు, జిరాక్సు, ప్రింటు అని రాసిన బోర్డు కింద ఒక్కదాన్నే కూర్చుంటాను. షాపు వెనక గదిలోనే వంటా, పడకా. మా ఆయన పోయిన కొత్తలో చుట్టాలు ఫోన్లు చేసేవారు. చేసినవాళ్ళందర్నీ ఏదో ఒకటి అనేశాను. "ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా" అని ఒకళ్ళని, "నా తిండి సంగతి నీకెందుకు" అని ఇంకొకళ్ళని. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాకిప్పుడు చెప్పుకోడానికి ఊరూ లేదు, ఫోనూ మోగదు.

అందుకే సోమవారం అంటే నాకు ప్రాణం. చెప్పడానికి సిగ్గేమీ లేదు. సోమవారం పొద్దున టైమ్‌కీపర్ గారు వస్తారు.

బస్సు డిపోలో టైమ్‌కీపర్‌గా చేసి రిటైరయ్యాడాయన. వెనక వీధి అపార్ట్‌మెంట్లో పై అంతస్తులో ఒక్కడే ఉంటాడు. పిల్లల్లేరు, భార్య పోయింది. ఖాళీగా ఉన్నాడు కదా అని అపార్ట్‌మెంటు వాళ్ళు నీళ్ళ పని ఆయన నెత్తిన పెట్టారు. ఏ అంతస్తుకి ఎప్పుడు నీళ్ళు వదలాలో వారం వారం వంతు మారుతుంది. ఆ వంతుల పట్టిక ప్రింటు తీసి లిఫ్టు పక్కన అంటించాలి. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నా దగ్గరికి వచ్చేవాడు.

మొదటిసారి ఆ ఫైలు తెరిచినప్పుడు నా కళ్ళు తిరిగాయి. ప్రతి గడికీ దాని గీత దానికే ఉంది, పక్క గడికి పక్క గీత. మధ్యలో సన్నటి సందు. ఎక్కడ చూసినా జంట గీతలే. "మూడో అంతస్తు" అన్నది గడిలో పైన వేలాడుతోంది, దాని పక్కన "ఆరు గంటలు" అడుగున కూర్చుంది, ఆ పక్కది నడుమ నిలబడింది. ఒక గడిలో అక్షరాలు ఎడమ గీతకి అతుక్కుపోయాయి, ఇంకో గడిలో సగం చోటు ఊరికే వదిలేసి కుడి చివర ఇరుక్కున్నాయి.

"ఎవరండీ చేసింది ఈ ఘోరం?" అన్నాను.

"నేనేనమ్మాయ్. అంకెలే మార్చాను, దానంతట అదే ఇలా అయింది" అన్నాడు, స్టూలు లాక్కుని కూర్చుంటూ.

ఎక్కడో వెబ్‌సైటు నుంచి కాపీ కొట్టి ఉంటాడనుకున్నాను. అక్కణ్ణించి తెచ్చిన పట్టికలకి ఈ జబ్బు మామూలే. పట్టిక మొత్తం సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ కొట్టి, టేబుల్ ప్రాపర్టీస్‌లోకి వెళ్ళాను. టేబుల్ అన్న చోట ఆప్షన్స్ నొక్కితే, గడుల మధ్య ఖాళీ వదలమని ఒక టిక్కు ఉంటుంది. అది తీసేశాను. జంట గీతలు పోయి ఒంటి గీతలయ్యాయి. సెల్ అన్న చోటికి వెళ్ళి నిలువు అలైన్‌మెంట్ సెంటర్ పెట్టాను. పైనున్నవి దిగాయి, కిందున్నవి లేచాయి. అక్కడే ఇంకో ఆప్షన్స్ ఉంటుంది, ప్రతి గడికీ లోపలి మార్జిన్ విడిగా పెట్టుకోడానికి. "మొత్తం టేబుల్‌కి ఎలాగో దీనికీ అలాగే" అన్న టిక్కు పెట్టేసరికి అక్షరాలన్నీ బుద్ధిగా గీతకి సమాన దూరంలో నిలబడ్డాయి.

"అమ్మో, మాయ చేశావే!" అన్నాడాయన.

"మాయా లేదు, మంత్రమూ లేదు. ఈ మంచి కాపీ మీ పెన్‌డ్రైవ్‌లో వేస్తున్నాను. వచ్చేవారం గడిలో అంకె చెరిపి అంకె కొట్టండి. ఇంకేదైనా ముట్టుకున్నారో, ఊరుకోను."

మళ్ళీ సోమవారం వచ్చాడు. పట్టిక మళ్ళీ మొదటికొచ్చింది. నేను తిట్టాను, ఆయన నవ్వాడు. నేను బాగు చేస్తున్నంతసేపూ కబుర్లు. స్టీరింగు పట్టుకుంటేనే తుమ్ములొచ్చే డ్రైవరు గురించి, టిక్కెట్ల సంచీ బస్సులో మరిచిపోయి ఆ బస్సు వెనకే పరిగెత్తిన కండక్టరు గురించి. నేనూ మాట్లాడటం మొదలుపెట్టాను. బాబాయ్ గారూ అని ఎప్పుడు పిలవడం మొదలెట్టానో నాకే తెలీదు. భార్య పోయాక కూడా పొద్దున్నే రెండు గ్లాసుల టీ పెట్టేస్తున్నానని ఒకసారి చెప్పాడు. నేనైతే పప్పు ఇద్దరికి సరిపడా వండి, మర్నాడు కూడా అదే తింటానని చెప్పాను. ఆ సంగతి మా అక్కకి కూడా చెప్పలేదు.

వారం వారం పట్టిక మొండికేస్తూనే ఉంది. ఒకసారి ఒక వరసలో అక్షరాల తలలు తెగిపోయి ఉన్నాయి. చూస్తే ఆ వరస ఎత్తు ఇంతే ఉండాలని ఖచ్చితంగా బిగించి ఉంది. వరసల కొలతలుండే రో అన్న చోటికి వెళ్ళి సడలించాను. ఇంకోసారి అన్నిటికీ సెంటర్ పెట్టినా ఒక్క గడి మాత్రం పైకే చూస్తోంది. ప్రాపర్టీస్ అంతా గాలించాను, దొరకలేదు. చివరికి చూస్తే ఆ పేరాకి కింద బోలెడు ఖాళీ పెట్టి ఉంది. సెంటర్ చేసింది ఆ ఖాళీని కూడా కలుపుకుని, అక్షరం పైకి కాక ఎక్కడికి పోతుంది! అది పట్టుకునేసరికి ఆయన రెండు టీలు తాగేశాడు.

"మీ కంప్యూటర్‌కి దయ్యం పట్టింది బాబాయ్ గారూ. ఒకసారి ఇంటికొచ్చి చూస్తాను."

"వద్దు వద్దు! అంత శ్రమ ఎందుకమ్మాయ్, నేనే తెస్తున్నానుగా" అని కంగారుపడ్డాడు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. నాకు అప్పుడే తెలియాల్సింది.

తెలిసిన రోజు షాపు నిండా కాలేజీ పిల్లలు. ప్రింటర్లో కాగితం ఇరుక్కుంది, చేతులనిండా సిరా, ఒకడు వెనక నుంచి "ఎంతసేపు" అంటున్నాడు. నా పిత్తం అప్పటికే నెత్తికెక్కింది. బాబాయ్ గారి ఫైలు తెరిచి ఆప్షన్స్‌లోకి వెళ్ళాను. గడుల మధ్య ఖాళీ పాయింట్ త్రీ అని ఉంది. పోయిన వారం పాయింట్ టూ. అది నాకు బాగా గుర్తు. నేనిచ్చిన ఫైల్లో ఆ టిక్కే లేదు. అంకెలు కొడితే టిక్కు పడదు, పడినా వారానికో కొలత మారదు. లోపలికి వెళ్ళి, టిక్కు పెట్టి, అంకె కొట్టి, ఓకే నొక్కాలి. చేతులారా చేస్తే తప్ప జరగదు.

"ఇది దానంతట అది అయ్యేది కాదు. మీరే పాడు చేసి తెస్తున్నారు! నా టైమంటే అంత చులకనా మీకు?" అని అరిచాను, అందరి ముందూ.

కాలేజీ పిల్లలు తిరిగి చూశారు. ఒకడు కిసుక్కున నవ్వాడు. బాబాయ్ గారు దొంగకి తేలు కుట్టినట్టు ఉండిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. ప్రింటు తీసిచ్చాను, తీసుకున్నాడు, స్టూలు గోడ దగ్గరికి జరిపి వెళ్ళిపోయాడు.

బాగా అయింది అనుకున్నాను. మధ్యాహ్నం అన్నం కలుపుకుని కూర్చున్నాను. ఆ పెద్దాయన ఎందుకు పాడు చేసి తెచ్చేవాడో అప్పుడు బుర్రకెక్కింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

తర్వాతి సోమవారం ఆయన రాలేదు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పెన్‌డ్రైవ్ తెచ్చాడు. తెరిస్తే పట్టిక అద్దంలా ఉంది. ఒంటి గీతలు, అక్షరాలన్నీ నడుమ, మార్జిన్లన్నీ ఒకటే. వెతికి వెతికి చూశాను, దిద్దడానికి ఒక్క గడి దొరకలేదు. ప్రింటు నొక్కాను, అంతే, పని అయిపోయింది.

"సార్‌కి ఇవన్నీ కొట్టినపిండి అక్కా. డిపోలో డ్యూటీ చార్టులన్నీ కంప్యూటర్ మీద ఆయనే వేసేవారట" అన్నాడు వాచ్‌మన్.

"ఆయనెందుకు రాలేదు?"

"ఏమో. ఎక్కడికీ పోవట్లేదు. బాల్కనీలో కూర్చుంటున్నారు."

ఆ పై సోమవారమూ వాచ్‌మనే వచ్చాడు. ఆ మధ్యలో ఫోను చేద్దామని నంబరు నొక్కి కట్ చేశాను, ఒకసారి కాదు. క్షమించమని అడగాలంటే, ఎందుకు క్షమించాలో చెప్పాలి. "మీకు మాట్లాడేవాళ్ళు లేక ఇలా చేశారు" అని ఆయన మొహం మీద మళ్ళీ అనాలి. ఒకసారి సిగ్గుపడ్డది చాలదా? పైగా నాకు మాత్రం ఎవరున్నారు? ఆ రెండు సోమవారాలు "రెండు కాపీలు", "తొందరగా" తప్ప ఇంకో మాట నా చెవిన పడలేదు. రేడియో పెట్టుకుని దానితో పోట్లాడాను.

మూడో సోమవారం వాచ్‌మన్‌ని టీ తాగి రమ్మని పంపేసి, ఆ శుభ్రమైన పట్టిక మొత్తం సెలెక్ట్ చేశాను. టేబుల్ ప్రాపర్టీస్, ఆప్షన్స్. టిక్కు పెట్టాను. ఇన్నేళ్ళలో నా చేత్తో మంచి పనిని చెడగొట్టింది లేదు, వేలు వెనక్కి లాగింది. ఖాళీ పాయింట్ ఫైవ్ కొట్టాను. గీతలన్నీ జంటలై దూరం దూరం జరిగాయి. ఒక గడి పైకి, ఒకటి కిందికి, ఒకదానికి ఎడమ మార్జిన్ ఇంతింత. ప్రింటు తీశాను.

"ఇదేంటక్కా ఇలా వచ్చింది?" అన్నాడు వాచ్‌మన్.

"నాకేం తెలుసు? దానంతట అదే. నాకు చేతకావట్లేదని మీ సార్‌తో చెప్పు. ఆయన్నే వచ్చి చూడమను."

చేతకావట్లేదన్న మాట నా నోట్లోంచి రావడం అదే మొదలు.

మధ్యాహ్నమంతా వీధి వైపే చూస్తూ కూర్చున్నాను. మెయిన్ రోడ్డులో పెద్ద షాపుంది, అక్కడ ప్రింటు తీయించుకుని ఉంటే? నన్ను తిట్టుకుని ఆ కాగితం చించేసి ఉంటే? సాయంత్రం బల్బు వేద్దామని లేచేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా ప్రింటు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. గడ్డం పెరిగింది.

"ఆప్షన్స్‌లో చూశావా?" అన్నాడు, నా మొహం వైపు చూడకుండా.

"ఏ ఆప్షన్స్? నాకు తెలీదు బాబాయ్ గారూ. మీరే చూపించండి."

నేను లేచి నా కుర్చీ ఇచ్చాను. ఆ కుర్చీలో ఇంకెవర్నీ కూర్చోనివ్వను. గోడ దగ్గర స్టూలు లాక్కుని పక్కన నేను కూర్చున్నాను. ఆయన మౌసు పట్టుకుని తడుముకోకుండా లోపలికి వెళ్ళాడు. అంకె చూసి ఆగిపోయాడు.

"పాయింట్ ఫైవా? నేనెప్పుడూ త్రీ దాటలేదే. మరీ అంత అవసరమా అమ్మాయ్?"

"అవసరమే" అన్నాను.

మొత్తం పట్టికకి ఒక్క క్లిక్కుతో అయ్యే పని. ఆయన దాన్ని వదిలేసి మొదటి గడి మీద క్లిక్ చేసి, ఒక్కొక్క గడే సర్దడం మొదలుపెట్టాడు. నేను లేచి రెండు టీలకి నీళ్ళు పెట్టాను.