సంతకం పడ్డాక మారిన తేదీ

రక్తం శాంపిల్స్ దాచే పెద్ద ఫ్రిజ్ ఆ ఉదయం చల్లబడడం మానేసింది. ల్యాబు టెక్నీషియన్ తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి చూసి, వెనక్కి తిరిగి బుజ్జి వైపు చూశాడు. ఆ చూపు ఆమెకు అర్థమైంది. ఫ్రిజ్ మూలుగుతోందని, గ్యారంటీ ఉండగానే కంపెనీకి ఫిర్యాదు పెట్టమని అతను ఎన్నోసార్లు చెప్పాడు. "పెడతా, పెడతా" అంటూనే ఆమె మరిచిపోయింది. ఆ ల్యాబులో కొనుగోళ్లూ బిల్లులూ చూసేది ఆమె ఒక్కతే.

పాడైన శాంపిల్స్ తాలూకు రోగులందరికీ ఫోన్ చేసి మళ్లీ రక్తం ఇమ్మని బతిమాలుకునేసరికి మధ్యాహ్నమైంది. ఒక ముసలాయన, "మళ్లీ గుచ్చుతారా తల్లీ?" అన్నాడు. కోప్పడినా బాగుండేది. ఆయన మెత్తగా అడిగాడు.

"గ్యారంటీలోనే ఉందిగా, కొత్తది ఇస్తారులే" అంది ల్యాబు నడిపే డాక్టర్ మేడం.

బుజ్జి తల ఊపింది. బిల్లు తేదీ నుంచి ఏడాది గ్యారంటీ. బిల్లు తేదీ పోయిన ఏడాది మార్చి. ఇప్పుడు ఏప్రిల్, గడువు దాటిపోయింది.

ఆ బిల్లు మెయిల్‌లో వచ్చిన ఫైలు. పంపింది స్వయానా ఆమె వదిన. ఫ్రిజ్‌లు అమ్మే కంపెనీలో బిల్లింగ్ అంతా వదిన చేతిమీదే నడుస్తుంది. పెన్‌డ్రైవ్‌లా ఉండే టోకెన్‌ను కంప్యూటరుకు గుచ్చి, రహస్య సంఖ్య కొట్టి, వదినే ప్రతి బిల్లుకూ డిజిటల్ సంతకం పెడుతుంది. ఆ టోకెన్‌ను ఇంకొకరి చేతికి ఇవ్వదు.

బుజ్జి ఫైలుకు ఒక నకలు తీసి, ఫైళ్లు దిద్దే ప్రోగ్రాంలో తెరిచి, తేదీలో నెల అంకె మూడును ఐదు చేసింది. సంతకం చెల్లకుండా పోతుందని కంప్యూటర్ హెచ్చరించింది. ఆమె "సరే" నొక్కింది. పైన ఎర్ర గుర్తు పడింది. దాన్ని కాగితం మీదికి ప్రింటు తీస్తే ఎర్ర గుర్తు రాలేదు. వదిన పేరున్న సంతకం పెట్టె మాత్రం అచ్చంగా వచ్చింది. ఆ కాగితాన్నే ఫ్రిజ్ చూడడానికి కంపెనీ పంపిన సర్వీసు మనిషి చేతికిచ్చింది.

'కంపెనీకి ఒక ఫ్రిజ్ లెక్కా?' అనుకుంది. అలా అనుకోగలిగినందుకు ఆ పూట కాస్త హాయిగా కూడా ఉంది.

రెండు రోజులు తిరగకుండానే వదిన ఆఫీసు మధ్యలోంచి ఇంటికొచ్చేసింది. బుజ్జి ఉండేది అన్నావదినల ఇంట్లోనే. వదిన చేతిసంచీ కూడా దించకుండా వంటగదిలో నిలబడిపోయింది.

"మా సారు టోకెన్ లాగేసుకున్నారు. పిలిచేదాకా రావద్దన్నారు. మీ ల్యాబు బిల్లు మీద మే నెల ఉందట, మా దగ్గర మార్చి ఉంది. ఆడపడుచు కోసం రెండో బిల్లు చేసి సంతకం పెట్టి ఇచ్చానట! టోకెన్ నా దగ్గరే కదా, ఇంకెవరు పెడతారు అంటున్నారు."

బుజ్జి చేతిలోని గ్లాసు సింకులో పెట్టబోయి గట్టు మీద పెట్టింది.

"నేను పంపిన ఫైలు నీ మెయిల్‌లో ఉందా? కాగితం కాదే, కాగితం మీద సంతకం ఉత్త బొమ్మ, దాన్ని ఎవరూ పరీక్షించలేరు. మా దగ్గరున్న నకలు చూపిస్తే నమ్మట్లేదు, నీకు చేరిన అసలు ఫైలు కావాలి. అది తెరిస్తే నేను ఏం పంపానో తేలిపోతుంది."

"లేదు వదినా. డిలీట్ అయిపోయింది."

అబద్ధం నోటినుంచి జారిపోయింది. వదిన ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, "పోన్లే, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అని భుజం తట్టింది.

ఆ భుజమే తర్వాత భారమైంది. అన్నయ్య అన్నం ముందు కూర్చుని, "తొమ్మిదేళ్ల నమ్మకం, ఒక్క కాగితంతో గంగలో కలిసింది" అన్నాడు. వదిన వడ్డిస్తూ, "ఇంకాస్త వేసుకో బుజ్జీ, సరిగ్గా తినట్లేదు నువ్వు" అంది. బుజ్జి అన్నం కలుపుతూనే ఉండిపోయింది. ఒక్క అంకె మార్చింది, అంతే కదా అని తనకు తాను చెప్పుకోబోయింది. చెప్పుకునే మొహం లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే ల్యాబుకు పోకుండా ఆమె వదిన కంపెనీకి వెళ్లింది. సారు గదిలో ఆయనతోపాటు కంప్యూటర్లు చూసుకునే ఇంజినీరు ఉన్నాడు. బుజ్జి పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టి, "మీ కంపెనీ పంపిన ఫైలూ, ప్రింటు తీసిన ఫైలూ రెండూ ఇందులో ఉన్నాయి, చూడండి" అంది.

ఇంజినీరు మొదటిది తెరిచాడు. సంతకం సరైనది, సంతకం చేశాక పత్రంలో మార్పు లేదు అని వచ్చింది. తేదీ మార్చి. రెండోది తెరిచాడు. సంతకం చెల్లదు, సంతకం చేశాక పత్రం మారింది అని వచ్చింది. తేదీ మే.

"అంటే?" అన్నారు సారు.

"సంతకం పెట్టేటప్పుడు మొత్తం ఫైలు నుంచి ఒక ముద్రలాంటి సంఖ్య లెక్కగడుతుంది సార్. ఒక్క చుక్క మారినా ఆ సంఖ్య మారిపోతుంది. టోకెన్‌లోని రహస్య తాళంతో ఆ సంఖ్య మీద సంతకం పడుతుంది. మనం తెరిచినప్పుడు కంప్యూటర్ మళ్లీ లెక్కగట్టి, సంతకంలో ఉన్నదానితో సరిపోల్చుతుంది. మొదటిది సరిపోయింది. రెండోదాంట్లో ఉన్నదీ ఆ సంతకమే, కానీ సరిపోలేదు."

"ఆవిడే మే నెల వేసి ఇచ్చి ఉండొచ్చుగా?"

"ఆవిడ మే నెల వేసి టోకెన్‌తో సంతకం పెట్టి ఉంటే ఇదీ సరిపోయేది సార్. సరిపోలేదంటే సంతకం పడ్డాక ఎవరో ముట్టుకున్నారు. ఎవరన్నది మాత్రం ఇది చెప్పదు."

సారు కుర్చీలో వెనక్కి వాలారు. "మీ ల్యాబులో ఎవరమ్మా? ఆ టెక్నీషియనా? ఫ్రిజ్ ఆగిపోయిన రోజు మాకు ఫోన్ చేసి గోల చేసింది అతనేగా."

బుజ్జికి ఒక దారి తెరుచుకున్నట్టే అయింది. తెలీదంటే చాలు, వదిన బయటపడుతుంది, తానూ బయటపడుతుంది. ఖాళీ ఫ్రిజ్ ముందు చెయ్యి తుడుచుకుంటూ నిలబడ్డ టెక్నీషియన్ మొహం కళ్లముందుకొచ్చింది. చెప్పవలసిందంతా ముందే చెప్పిన మనిషి అతను.

"నేనే మార్చాను సార్" అంది. "ఫిర్యాదు పెట్టడం మరిచిపోయింది కూడా నేనే. మా వదినకు ఏమీ తెలీదు."

గదిలో ఎవరూ ఆమెను తిట్టలేదు. సారు ఫోన్ తీసి ముందు వదినకు చేశారు. "అమ్మా, పొరపాటుపడ్డాను, రండి" అన్నారు. ఆ తర్వాత డాక్టర్ మేడంకు చేశారు.

ల్యాబుకు తిరిగొస్తే మేడం కేకలేమీ వేయలేదు. "నువ్వు మరిచిపోయానని చెప్పి ఉంటే రిపేరు చేయించుకునేదాన్ని. ఇప్పుడు నీ చేతిలోంచి వచ్చిన ఏ కాగితాన్ని నమ్మను?" అని అడిగింది. బుజ్జి ఉద్యోగం వదులుకుని ల్యాబు తాళాలు అప్పగించింది. బయటికొస్తుంటే టెక్నీషియన్ ఎదురొచ్చాడు. విషయం అప్పటికే చెవిన పడ్డట్టుంది, "ఇంకాస్త గట్టిగా పోరు పెట్టవలసింది నేను" అన్నాడు. ఆ మంచితనం ఆమెకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

సాయంత్రం వదిన ఆఫీసు నుంచి వచ్చింది. టోకెన్ తిరిగి ఇచ్చారట. కాళ్లు కడుక్కుని, ఆరిన బట్టలు మంచం మీద వేసుకుని మడత పెట్టడం మొదలుపెట్టింది. బుజ్జి ఇంకో కొసన కూర్చుని ఒక దుప్పటి అందుకుంది.

"వదినా, తప్పైపోయింది."

"తేదీ మార్చావు. భయపడ్డావు, మార్చావు. అది నాకు అర్థమవుతుంది" అంది వదిన, చొక్కా చేతులు సరిచేస్తూ. "ఇక్కడే, ఈ ఇంట్లోనే, ఫైలు ఉందా అని నిన్ను అడిగాను. నా మొహం చూసి లేదన్నావు. అది మాత్రం ఎంత ఆలోచించినా అర్థం కావట్లేదే బుజ్జీ."

గొంతులో కోపం లేదు. అడిగిన దానికి జవాబు కావాలన్నట్టు చూసింది. బుజ్జి దుప్పటిని విప్పి ఒక అంచు పట్టుకుంది. వదిన రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ దాన్ని సగానికి, మళ్లీ సగానికి మడిచారు. మాటలు మాత్రం చాలా రోజులదాకా అవసరానికే నడిచాయి.