క్లచ్ మీద కాలు

ఇద్రీస్ నా చేతిలో పెన్ను పెట్టి చెవిలో గొణిగాడు. "లేదు అని రాయి దత్తూ. రెండక్షరాలు, అంతే."

ముంబై కుర్లాలో వాడి మెకానిక్ షెడ్డు అది. బీమా సర్వేయరు పార్కర్ మేడం కళ్ల ముందే నా ట్యాక్సీ ఇంజన్ విప్పారు. ఎయిర్ ఫిల్టర్ తడి బట్టలా ఉంది. మూడో కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. కొత్త ఇంజన్ ఖర్చు బీమావాళ్లు ఇస్తే బండి ఉంటుంది, లేకపోతే ఇనప సామాన్లవాడికి వెళ్తుంది. ఇరవై ఏళ్లుగా ఇదే నా పని, ఇంకోటి రాదు.

ఇంజన్ కోసం విడిగా డబ్బు కట్టి మరీ కవర్ తీసుకున్నాను. దానికి ఒకటే మెలిక. బండి నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకూడదు, ఇంజన్‌లోకి చేరిన నీళ్లకు రాడ్లు వంగిపోతాయి. చేతిలో కాగితం అడుగుతున్నది కూడా అదే: ఆగాక మళ్లీ స్టార్ట్ చేయడానికి ప్రయత్నించారా?

"ఆగేటప్పుడు కూడా రాడ్ వంగుతుంది. ఎప్పుడు వంగిందో దేవుడికి కూడా తెలీదు. నువ్వు నోరు మూసుకుంటే చాలు," అన్నాడు ఇద్రీస్.

నాకు తెలుసు. సోమవారం సాయంత్రం జోరువానలో, రైలు పట్టాల కిందుగా పోయే కాంబ్లేవాడీ సబ్‌వే దగ్గర కార్పొరేషన్ మనిషి ఈల వేస్తూ బారికేడ్ అడ్డం లాగుతున్నాడు. ముందు సిటీ బస్సు దిగింది. బస్సు వెనకే పోతే అది నీళ్లు చీల్చుకుంటూ దారి ఇస్తుందని ఈ ఊళ్లో ప్రతి డ్రైవరూ నమ్ముతాడు. నేనూ అంతటి తెలివైనవాణ్ణే, వెనకే దిగాను. బస్సు అవతలి ఎత్తు ఎక్కిపోయింది. అది తోసిన నీళ్లు తిరిగొచ్చి బానెట్ మీద పడ్డాయి. సరిగ్గా పల్లంలో ఇంజన్ ఆగిపోయింది. నేర్పినట్టే బటన్ నొక్కి అంతా ఆపేశాను. ఇక ముట్టుకోకూడదు.

వెనక సీట్లో ప్రాజక్తా అనే అమ్మాయి, ఐదు నెలల పాప. నీళ్లు తలుపు సగం దాటాయి. భుజంతో తోసినా తలుపు కదల్లేదు. అద్దాలన్నీ బిగించి ఉన్నాయి, కరెంటు లేనిదే దిగవు. కాళ్ల కింద నీళ్లు మోకాళ్లకొచ్చాయి. ఆ అమ్మాయి పాపను తల మీదికి ఎత్తుకుంది. అప్పుడు నాకు బండి గుర్తు లేదు, బీమా గుర్తు లేదు. బటన్ నొక్కాను. ఇంజన్ ఒక్కసారి టక్కుమని బిగుసుకుపోయింది. కానీ కరెంటొచ్చింది, అద్దం దిగింది. పాపను కిటికీలోంచి అందుకున్నవాడెవరో నాకు ఇప్పటికీ తెలియదు.

కాగితం మీద "లేదు" అని రాశాను.

మేడం కాగితం అందుకోబోతుండగా షెడ్డు ముందు ఆటో ఆగింది. ప్రాజక్తా. చంకలో పాప, చేతిలో పాలకోవా డబ్బా.

"అన్నా! మీ కోసం మూడు షెడ్లు తిరిగా," అంటూ వచ్చి నా కాళ్లకు దండం పెట్టింది. మేడం మెడలో గుర్తింపు కార్డు చూసి అటు తిరిగింది. "మీరు బీమావాళ్లా? ఈయనకి ఎంతిచ్చినా తక్కువే. బండి పోతుందని తెలిసి కూడా మళ్లీ స్టార్ట్ బటన్ నొక్కాడు మేడం! అది టక్కుమన్నాకే అద్దం దిగింది. లేకపోతే నా బిడ్డ..."

ఇద్రీస్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

మేడం చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "నొక్కినప్పుడు కాలు ఎక్కడుంది?"

"క్లచ్ మీద. అలవాటు."

"క్లచ్ వదిలేసి రెండుసార్లు నొక్కితే కరెంటు మాత్రమే వస్తుంది భాయ్. అద్దం దిగేది. ఇంజన్ తిరిగేది కాదు."

పాపా మిగిలేది, బండీ మిగిలేది. కాలు ఎత్తితే సరిపోయేది.

ప్రాజక్తా మా ముగ్గురి మొహాలూ చూసింది. "నేనేమైనా తప్పు మాట్లాడానా అన్నా?"

"లేదు చెల్లీ," అన్నాను. పాప నా చొక్కా గుండీ పట్టుకుని లాగుతోంది. రాసింది కొట్టేసి "అవును" అని రాశాను. ఎందుకు నొక్కానో కూడా రాశాను.

"నీళ్లెంత ఎత్తున్నాయో, పాప సంగతీ నా రిపోర్టులో రాస్తా. నిర్ణయం మాత్రం ఆఫీసుది," అంది మేడం. ఆమె గొంతులో ఆశ లేదు.

పదకొండో రోజు ఉత్తరం వచ్చింది. సీట్లు, కార్పెట్, వైరింగ్ శుభ్రం చేయడానికి ఒప్పుకున్నారు. ఇంజన్‌కు ఒప్పుకోలేదు. ఆ వారంలోనే ఇనప సామాన్లవాడి లారీ వచ్చి ఇద్రీస్ షెడ్డు నుంచి బండిని తీసుకుపోయింది. నేను వెళ్లలేదు.

ఇప్పుడు గోడౌన్‌లో కాపలా పని దొరికింది. సిటీ బస్సులో వెళ్తున్నాను, అదే సబ్‌వే మీదుగా. పల్లంలోకి దిగగానే నా ఎడమకాలు దానంతటదే నేలను గట్టిగా నొక్కుతుంది. ఎత్తుదామని ప్రతిరోజూ చూస్తాను. రాదు.