గుర్వమ్మను అడగని మాట

గుర్వమ్మ చనిపోయిన సంగతి డాక్టర్ మంజులతకు చెప్పింది ఆమె మొగుడు గుర్వయ్యే. నందికొండ డ్యాం పనిలో రాళ్లు మోసేవాడు. ప్రాజెక్టు దవాఖాన వరండాలో తలగుడ్డ చేత పట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వు మంచిగనే చూసినవు డాక్టరమ్మా. ఇంటికి వొయినంక మళ్ల గదే పని చేసుకున్నది."

కోపంగా అని ఉంటే ఆమెకు కొంత తేలికయ్యేది.

పురుగుల మందు తాగిన గుర్వమ్మను మంజులతే బతికించింది. ఇంటికి పంపేముందు, మళ్లీ ఆ పని చేయనని పిల్లల మీద ఒట్టు వేయించుకుంది. ఇంకా చావాలనిపిస్తోందా అని మాత్రం అడగలేదు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడింది.

ఆ తర్వాత నర్సు జానమ్మతో కూర్చుని ఒక ప్రశ్నల కాగితం తయారుచేసింది. అలా వచ్చిన ప్రతి మనిషినీ అవే మాటలు అడగాలి. చావాలని ఉందా, ఎట్లా అని అనుకున్నావా, అది చేతికి అందేచోట ఉందా, ఇంతకుముందు ప్రయత్నించావా, తాగుడుందా, నిద్ర పడుతోందా. ఇవన్నీ ఒకవైపు. మనిషిని పట్టి ఉంచేవి ఇంకోవైపు: పిల్లలు, తోడు, చేసే పని, నమ్ముకున్న దేవుడు. ఒక్కోదానికి మార్కులు. పట్టి ఉంచేవాటి మార్కులు మొదటివాటిలోంచి తీసేస్తే ప్రమాదం ఎంతో తేలుతుంది.

సరిచూద్దామని గుర్వమ్మ పేరుతో నింపింది. ముగ్గురు పిల్లలు, కొట్టని మొగుడు, పని, భక్తి. తీసివేత అయ్యాక మిగిలింది చాలా తక్కువ.

"దీని లెక్కన ఆమెను మళ్ల ఇంటికే పంపుదుము" అంది జానమ్మ మెల్లగా.

మంజులత మొహం ఎత్తలేకపోయింది. పిల్లలున్నారు కదా, ఏం కాదు అని ఆ రోజూ అలాగే అనుకుంది. అదే తప్పును ఇప్పుడు గీతలు గీసి, మార్కులు వేసి రాసింది. మార్కులన్నీ కొట్టేసింది. పట్టి ఉంచేవి ప్రమాదాన్ని చెరిపేయవు. కష్టం వచ్చిన పూట మనిషి పట్టుకోవడానికి పనికొస్తాయి, అంతే. కింద సగం కాగితం ఖాళీగా వదిలి, 'మళ్లీ అట్లా అనిపిస్తే ఏం చేద్దాం' అని రాసింది.

ఆ నెలలోనే పర్వతాలు కూడా మందు తాగి దవాఖానకు వచ్చాడు. రోగం తగిలి మంద సగం పోయిన గొర్లకాపరి. కోలుకున్నాక మంజులత అతని పక్కన స్టూలు వేసుకుంది. ఈసారి అడిగింది.

"ఇప్పుడు గూడ చచ్చిపోవాలనిపిస్తున్నదా, పర్వతాలూ?"

అతను గోడవైపు తిరిగాడు. "అనిపిస్తాంది. ఎవ్వరు అడగలే గీ మాట." ఏడుస్తూనే, కొంచెం ఊపిరి తీసుకున్నట్టు అన్నీ చెప్పాడు.

కింది భాగం ఆమె చకచకా రాసేసింది. గుడికి పోవాలి, భార్యతో మాట్లాడాలి. చదివి వినిపిస్తే ప్రతిదానికీ "అట్లనే డాక్టరమ్మా" అని తల ఊపాడు. గుర్వమ్మా అచ్చం అలాగే ఊపింది. మంజులత కలం కింద పెట్టింది. ఆ కాగితం చింపి కొత్తది తీసింది.

"ఇవి నా మాటలాయె. నువ్వే చెప్పు. ఆ ఆలోచన వచ్చేముందు ఎట్లుంటది?"

"గొర్ల దొడ్లెకు పోబుద్ధి కాదు. అన్నం సహించది."

"అప్పుడు ఏం చేస్తే జర మళ్లుతది?"

"ఉన్ని ఒడుకుత. చేతులు ఆడుతుంటే మంచిగుంటది."

"అయినా తగ్గకపోతే ఎవరి దగ్గర కూసుంటవు?"

"గొంగళ్లు నేసేటోళ్ల కాడ. ఆడ ముచ్చట్లు నడుస్తుంటయి."

"ఎవరికి చెప్పుకుంటవు?"

"ఉప్పలమ్మకు చెప్పలేను. సిగ్గు." భార్య పేరు చెప్పి తల వంచుకున్నాడు. "బామ్మర్ది పరమేశ్వర్‌కు చెప్త."

ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బా సంగతీ అడిగింది. పరమేశ్వర్‌ను పిలిపించి ముగ్గురూ మాట్లాడుకున్నారు. డబ్బా ఆ ఇంట్లోంచి తీసేయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఏదీ పనిచేయకపోతే దవాఖానకు రావాలన్నది ఆఖరి మాట. పర్వతాలుకు చదువు రాదు. అందుకే నోటికి వచ్చేదాకా అతనే మళ్లీ మళ్లీ చెప్పాడు. ఒక నకలు పరమేశ్వర్ తన దగ్గర ఉంచుకున్నాడు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున పర్వతాలు బామ్మర్దితో వచ్చి దవాఖాన బల్ల అంచున కూర్చున్నాడు.

"మళ్ల వచ్చిన. సిగ్గయితాంది డాక్టరమ్మా. ఒడికిన, గొంగళ్లోళ్ల కాడ కూసున్న, వీనికి చెప్పిన. తగ్గలే."

సిగ్గుపడాల్సింది నువ్వు కాదు అనబోయింది మంజులత. మళ్లీ రావచ్చన్న మాట గుర్వమ్మకు ఎవరూ చెప్పలేదు.

"రావాలనే గదా అనుకున్నం. మంచిగ చేసినవు" అంది.

జానమ్మ మంచం మీద దుప్పటి పరిచింది. పర్వతాలు పడుకున్నాక కళ్లు మూసుకుని అన్నాడు: "ఉప్పలమ్మను పిలిపించు, పరమేశ్వర్. ఇగ ఆమెకు గూడ చెప్త."