కోతలు కోయకు తల్లీ

ఆనందబాబు ఆ మెయిలు మూడుసార్లు చదివాడు. మూడోసారికి చెమట పట్టింది. గురుగ్రామ్‌లో ఆ ఆఫీసు ఏసీ కింద ఎవరికీ చెమట పట్టదు, అక్కడివాళ్లు వేసవిలో కూడా స్వెట్టరు వేసుకుంటారు.

రోడ్డు వెడల్పు పనికి వాళ్ల కంపెనీ వేసిన టెండరు మీద వచ్చిన మెయిలు అది. రెండు లైన్ల రోడ్డును నాలుగు లైన్లు చేసే పని. పని ఎలా చేస్తారో, ఏ మిషన్లు పెడతారో, ఎంతమందిని దించుతారో వివరంగా రాసిన టెక్నికల్ ప్రపోజల్‌కి మార్కులుంటాయి. పాస్ మార్కులు దాటినవాళ్ల రేట్ల కవరే తెరుస్తారు, తక్కినవాళ్లు ఎంత చవగ్గా చేస్తామన్నా వినేవాడుండడు. ఇప్పుడు కమిటీ వివరణ అడుగుతోంది. "మీ ప్రపోజల్‌లో మెట్లు కోసే పేరా తర్వాత ఒక వాక్యం ఇంగ్లీషు కాదు. ఫోనులో అనువాదం చూస్తే 'ఇక్కడ కోయవద్దు, అమ్మా' అని వచ్చింది. పాత రోడ్డు కట్టకు మెట్లు కోస్తామని పైన రాసి కింద వద్దంటున్నారేమిటి? ఆ చోట అమ్మవారి గుడి ఏదైనా ఉందా? ఉంటే ఎందుకు తెలియజేయలేదు? ప్రజెంటేషన్‌కి వచ్చి వివరించండి."

ఆ వాక్యం ఆనందబాబుదే.

ఆయనకొక అలవాటుంది. కింద పనిచేసేవాళ్ల డ్రాఫ్టులో తప్పు కనబడితే పక్కన కామెంటు పెట్టడు, అక్కడే, ఆ పేరా కిందే, ఎర్ర రంగులో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేస్తాడు. కామెంటు పెడితే పరాయివాడిలా ఉంటుందట. ఆయన కింద ఇంజనీరు స్తుతి వాటిని చదివి, దిద్ది, ఎర్ర వాక్యాలు తీసేస్తుంది. ఈసారి ఆ పిల్ల మొత్తం ప్రపోజల్ పుస్తకానికి ఒకే ఫార్మాట్ వేసింది. ఎరుపంతా నలుపైంది. మిగిలిన ఎర్ర వాక్యాలన్నీ అప్పటికే పోయాయి గాని ఒకటి మాత్రం, పప్పులో రాయిలా, మిగిలిపోయింది. పోర్టల్‌లో డిజిటల్ సంతకం పడి గడువు దాటాక దేవుడు కూడా దాన్ని తీయలేడు.

"ఇక్కడ కోతలు కోయకు తల్లీ." ఇదీ వాక్యం.

స్తుతి ఢిల్లీలో పుట్టిన పిల్ల. తల్లి సరళకుమారి నర్సు, బాపట్ల వైపు నుంచి వచ్చి మయూర్ విహార్‌లో స్థిరపడింది. ఆనందబాబుదీ ఆ వైపే. ఇద్దరివీ ఒకే చర్చి. "అన్నయ్యా, పిల్లకి సివిల్ ఇంజనీరింగ్ అయిపోయింది, కాస్త చూడు" అని సరళకుమారి ఆదివారం ప్రార్థన తర్వాత అడిగితే తెచ్చి తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నాడు. చర్చిలో అంకుల్, ఆఫీసులో సర్. ఏం చెప్పినా ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. జాతీయాలు, సామెతలు మాత్రం దాని నెత్తిమీంచి పోతాయి. ఒకసారి ఎవరో చెవిలో పువ్వు పెట్టాడంటే, "ఎందుకు అంకుల్, పెళ్లా?" అని అడిగింది.

ఈ టెండరు దానికి ప్రాణం మీదికి వచ్చింది. యజమాని నవదీప్ చెడ్డవాడేం కాదు గాని పోటీవాళ్లను చూసి ఊగిపోయే రకం. "అందరూ తారు పరిచే పేవర్లు నాలుగు, నాలుగు చోట్ల ఒకేసారి పని అని రాస్తారు. మీరు సన్యాసుల్లా ఉన్నది ఉన్నట్టు రాస్తారు. ఈసారి టెక్నికల్‌లో పోతే ఈ టెండర్ల సెక్షన్ మూసేసి పుస్తకాలు బయట కన్సల్టెంటుకి ఇచ్చేస్తా" అన్నాడు. మూసేస్తే ఆనందబాబు ఏదో సైటుకి పోతాడు, ఆయన అనుభవానికి ఎక్కడైనా చోటుంటుంది. స్తుతి మాత్రం ఇంటికి పోతుంది. అదీ ఆయన బాధ.

మెయిలు చూసి ఆ పిల్ల మొహం పాలిపోయింది. "సారీ సర్, గల్తీ మేరీ హై."

"నీదేముందే, ఎర్ర రంగు నమ్ముకున్న నాది" అన్నాడు. అని, దాన్ని ఊరడించే తొందరలో అడగాల్సింది అడగడం మరిచిపోయాడు. కోతలు కోయడమంటే దీనికి అర్థం తెలుసా?

ఆ సంగతి కమిటీ గది బయట, నవదీప్ టై సర్దుకుంటున్నప్పుడు గుర్తొచ్చింది. అప్పటికే తలుపు తెరుచుకుంది.

బల్లకి అటు చైర్‌పర్సన్ మేడమ్, పక్కన తెల్లమీసాల సీనియర్ ఇంజనీరు. ఆయన ముందు ప్రపోజల్ తెరిచి ఉంది, ఆ పేజీకి పసుప్పచ్చ కాగితం అంటించి మరీ.

"ఈ భాగం రాసిందెవరు?" అంది మేడమ్.

ఆనందబాబు నోరు తెరిచాడు. స్తుతి ముందే లేచి, "నేను మేడమ్" అంది.

"అయితే మీరే చెప్పండి. ఒక్కటి గుర్తుంచుకోండి, ఇచ్చినదాన్ని వివరించొచ్చు, మార్చడానికి వీల్లేదు."

ముందు మీసాలాయన మొదలుపెట్టాడు. "పాత కట్టకు మెట్లు కోస్తారా, కోయరా?"

"కోస్తాం సర్. కోయకుండా ఆ ఏటవాలు మీద కొత్త మట్టి పోస్తే రెండూ కలవవు. మొదటి వర్షాకాలానికే పాతదానికీ కొత్తదానికీ మధ్య పొడుగునా పగులు వస్తుంది. అందుకే ముందు గడ్డీ వేళ్లూ తీసి, ఏటవాలును మెట్లుగా కోసి, ఒక్కో పొర పరిచి, తడిపి, రోలరు తొక్కి, పరీక్ష అయ్యాకే పై పొర. పైన పేరాలో ఉన్నదంతా అదే. కింద వాక్యం మట్టి గురించి కాదు."

"మరి కోయవద్దని ఉందే?"

ఆనందబాబు కుర్చీలో ముందుకు జరిగాడు. దీనికి తెలియకపోతే ఏం చెబుతుంది? తనే కలగజేసుకుని, అది డ్రాయింగుకు రాసుకున్న గుర్తు అని ఒక చిన్న అబద్ధం ఆడేద్దామా అనిపించింది. తెల్లటి, ఎవరికీ నష్టం లేని అబద్ధం. నాలుక చివర ఉంది.

"మా భాషలో కోతలు కోయడమంటే గొప్పలు చెప్పుకోవడం మేడమ్" అంది స్తుతి. "లేనిది ఉన్నట్టు చెప్పడం. ఇది రాతలో పొరపాటున మిగిలిపోయింది, సర్ నాకు రాసిన మాట. గొప్పలు చెప్పకు అని."

ఆనందబాబు ఆ పిల్ల వైపు తిరిగి చూశాడు. ఎప్పుడు నేర్చుకుందో!

మీసాలాయన కళ్లద్దాలు తీశాడు. "అంటే గొప్పలు చెప్పారన్నమాట. ఏం చెప్పారు?"

పక్కన నవదీప్ పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, పెట్టి చేస్తున్నాడు. చెప్పకు తల్లీ అని ఒకవైపు, చెప్పు తల్లీ అని ఒకవైపు, ఆనందబాబు లోపల ఇద్దరు మనుషులు కొట్టుకుంటున్నారు.

"మొదటి డ్రాఫ్టులో ఆ మెట్ల పేరా చివర్లోనే నాలుగు పేవర్లు అని రాశాను. మా దగ్గర ఉన్నది ఒకటి. సర్ మాట చదివి ఒకటనే దిద్దాను. మీకిచ్చిన వనరుల పట్టికలో ఒకటే ఉంది, చూడండి."

"మిగతావాళ్లు మూడూ నాలుగూ చూపించారు. మీకు ఒకటి ఎలా సరిపోతుంది?"

"అన్ని చోట్లా ఒకేసారి తారు వేయం సర్. మొదట ఎడమవైపు కొత్త కట్ట కడతాం, బండ్లన్నీ పాత రోడ్డు మీదే పోతాయి. అది పూర్తయ్యాక బండ్లను కొత్తవైపుకి మళ్లించి పాతదాన్ని పట్టుకుంటాం. పేవరు తారు పరిచే వేగం ఎక్కువ. కరెంటు స్తంభాలు జరిపి, మట్టి తొక్కి, దాని ముందు జాగా సిద్ధం చేయడమే ఆలస్యం. నాలుగు పేవర్లు పెడితే మూడు చెట్టు కింద నిలబడతాయి. చలికాలం పొగమంచులో కాలుష్యం పెరిగి పనులాపమని ఆదేశం వస్తే నాలుగూ నిలబడతాయి. ఆ రోజులు తీసేసే మా షెడ్యూల్ వేశాం. బీహార్ కూలీలు ఛఠ్ పండక్కి ఊరెళ్లే రోజులు కూడా తీసేశాం. వాళ్లు ఎవరాపినా ఆగరు కదా."

మీసాలాయన మొదటిసారి నవ్వాడు. "ఆగరు" అన్నాడు. ఆయన సైటులో పండిన మనిషని ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది.

మేడమ్ మాత్రం నవ్వలేదు. "నాలుగు అని మిమ్మల్ని రాయమన్నదెవరు?"

ఇంతదాకా నిజం తనది, ఇది మాత్రం పక్కవాడిది. స్తుతి ఆనందబాబు వైపు చూసింది. ఆనందబాబు, నేల మీద ఏదో బాగా అవసరమైనది కనిపించినట్టు, తల వంచుకున్నాడు.

పెన్ను మూత చప్పుడు ఆగింది. "నేనే మేడమ్" అన్నాడు నవదీప్. మొహం కందగడ్డలా ఉంది. "నేనే రాయమన్నాను. వీళ్లే దిద్దేశారు." ఆ మాట అన్నాక మనిషి కాస్త తేలికపడి కుర్చీలో వెనక్కి వాలాడు. అంత పెద్ద కంపెనీ నడిపే మనిషి, పరీక్షలో చిట్టీ పెట్టుకుని దొరికిపోయి, కొట్టరని తెలిసిన కుర్రాడిలా ఉన్నాడు. ఆనందబాబుకి ఆయన మీద ఆ క్షణాన నిజంగానే ఇష్టం కలిగింది.

మేడమ్ ఏదో రాసుకుంది. "సరే. ఇక గుడి సంగతి. ఆ అమ్మ ఎవరు? పనిచేసే చోట ఏ దేవతా లేదు కదా?"

"లేదు మేడమ్" అంది స్తుతి. చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మ అంటే... నేనే. మా వాళ్లు కూతుర్ని కూడా తల్లీ అనే పిలుస్తారు. ఫోనుకి తెలీదు."

"మీరు ఆయన కూతురా?"

"కాదు మేడమ్" అంది స్తుతి. తర్వాత తెలుగులో, మేడమ్‌కి కాదు, పక్కకి తిరిగి, "కాదు గాని, అంతే" అంది.

ఆ పిల్ల ఆఫీసు పనిలో ఆనందబాబుతో తెలుగులో జవాబు చెప్పడం అదే మొదలు. ఆయన కళ్లజోడు తీసి, మెడలో టై ఉండగా దాంతో కాకుండా చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఎంతకీ తుడవడం పూర్తికాలేదు.

తర్వాతి వారం పోర్టల్‌లో ఫలితం వచ్చింది. నవదీప్ తనే వాళ్ల బల్ల దగ్గరికొచ్చి లాప్‌టాప్ పెట్టాడు. పాసైన కంపెనీల్లో వాళ్ల పేరుంది, పైన కాదు, మధ్యలో. రేట్ల కవరు తెరుస్తారు, పని వస్తుందో రాదో అది వేరే కథ. సెక్షన్ మూసే మాట ఆయన ఎత్తలేదు, వీళ్లూ గుర్తు చేయలేదు. కింద కమిటీ మినిట్స్ ఉన్నాయి. నవదీప్ గట్టిగా చదివాడు.

"బిడ్డరు ఇచ్చిన వివరణ సంతృప్తికరం. పాత కట్టకు మెట్లు కోయబడును. నిర్మాణ స్థలంలో మతపరమైన కట్టడం ఏదీ లేదు. సదరు వాక్యంలో పేర్కొన్న తల్లి, బిడ్డరు సంస్థలో పనిచేయుచున్న ఇంజనీరు అని కమిటీ నిర్ధారించినది."