ఇంటి లెక్కలో ఆదర్శ్

పదకొండూ నలభైకి సంయుక్త ఫోన్ కదిలింది. మీటింగ్‌లో ఉంది. బల్ల కింద పెట్టుకుని చూసింది.

"మెయిన్ డోర్ తెరుచుకుంది. ఇంట్లో ఎవరూ లేరు."

ఆ వాక్యం ఆమె భర్త ఆదర్శ్ ఒకప్పుడు రాసిపెట్టింది. ఏడు నెలలుగా అది రాలేదు. రాకూడదు కూడా. సంయుక్త లేచి నిలబడింది. తలుపు ఎవరు తీశారన్నది ఆమెకు తట్టలేదు. ఇంట్లో ఆదర్శ్ ఫోన్ లేదు, ఆ ఒక్కటే అర్థమైంది.

మణికొండలో ఆ ఫ్లాట్‌లోకి వచ్చిన కొత్తలో ఆదర్శ్ తలుపుకి సెన్సార్ బిగించాడు. ఒక ముక్క తలుపు మీద, ఇంకో ముక్క చట్రం మీద. రెండూ దూరమైతే టీవీ వెనకున్న చిన్న డబ్బాకి కబురు వెళుతుంది. అది వెంటనే ఇంట్లో ఎవరున్నారో చూస్తుంది. దాని దృష్టిలో మనుషులంటే ఫోన్లే. ఇద్దరి ఫోన్లలో ఏ ఒక్కటి ఇంటి వైఫైలో ఉన్నా ఊరుకుంటుంది. రెండూ లేకపోతేనే ఇద్దరికీ మెసేజ్ పంపుతుంది. పనిమనిషి కొమురమ్మ దగ్గర ఒక తాళంచెవి ఉండేది. ఆమె రోజూ ఆ వేళకే వచ్చేది కాబట్టి రోజూ మెసేజ్ వచ్చేది. "కొమురమ్మ గారు విచ్చేశారు" అని ఆదర్శ్ తన ఆఫీసు నుంచి సంయుక్తకి వాట్సాప్ చేసేవాడు. అదే వంకతో తిన్నావా అని అడిగేవాడు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం అతను ఫోన్‌ని ఛార్జింగ్‌లో మర్చిపోయి బైక్ మీద బయల్దేరాడు. గచ్చిబౌలి దాటకముందే లారీ కొట్టింది.

పన్నెండు రోజుల కార్యక్రమాలయ్యాక సంయుక్త ఆఫీసుకి వెళ్లింది. మొదటిరోజు కొమురమ్మ వచ్చే వేళకి మెసేజ్ రాలేదు. సంయుక్తది సాఫ్ట్‌వేర్ తప్పులు వెతికే ఉద్యోగం. ఎందుకు రాలేదో నిమిషంలో కనిపెట్టింది. యాప్ తెరిస్తే ఆదర్శ్ బొమ్మ కింద 'ఇంట్లో' అని ఉంది. ఆ ఫోన్ ఇంకా మంచం పక్కన ఛార్జర్‌కే ఉంది. అతను వెళ్లిన సంగతి ఇంటికి తెలియలేదు.

దాన్ని సరిచెయ్యడం ఎంతసేపు పని? చెయ్యలేదు. ఛార్జర్ తియ్యలేదు, రీఛార్జ్ మాననూ లేదు. ఆఫీసులో మనసు బాగోనప్పుడు యాప్ తెరిచి ఆ ఒక్క మాట చూసుకునేది.

ఇప్పుడు కారిడార్‌లో నిలబడి మళ్లీ తెరిచింది. 'ఆదర్శ్: బయట.' అంతలో కొమురమ్మ ఫోన్ చేసింది.

"అమ్మా, జల్ది రా. తాళం పలగ్గొట్టిన్రు. తలుపు దగ్గరికేసి ఉండె, నూకంగనే తెరుచుకున్నది. లోపట అంత ఆగమాగం జేసిన్రు. నేను లోపటికి పోలే, గీడనే నిలవడ్డ."

"అక్కడే ఉండు కొమురమ్మా. బెడ్‌రూమ్‌లో... ఏం లేదులే. వస్తున్నాను."

ఇంటికి చేరేసరికి పోలీసులు వచ్చారు. లాప్‌టాప్ పోయింది, బీరువాలోని గొలుసూ గాజులూ పోయాయి. మంచం పక్కన ఛార్జర్ తీగ మాత్రం నేలమీదికి వేలాడుతోంది. సంయుక్త దాన్నే చూస్తూ నిలబడింది.

ఎస్సై గుమ్మం బయట కొమురమ్మని నిలదీస్తున్నాడు. "తాళంచెవి నీ దగ్గరున్నది. ఎవలూ లేరని నీకే ఎరుక. ఎవలికి చెప్పినవ్?"

"దేవుని తోడు సారూ, నాకేం ఎరుక లేదు."

సంయుక్త ముందుకొచ్చి ఫోన్ చూపించింది. "ఆవిణ్ణి వదిలెయ్యండి సర్. తలుపు ఎన్నిసార్లు తెరుచుకుందో ఇందులో ఉంది. పదీ యాభై రెండుకి ఒకసారి, పదకొండూ తొమ్మిదికి ఒకసారి. వచ్చిందీ వెళ్లిందీ దొంగలే. పదకొండూ పద్నాలుగుకి మావారి ఫోన్ వైఫైలో లేదని రాసుకుంది, ఇది కాస్త ఆలస్యంగానే గమనిస్తుంది. ఈవిడ పదకొండూ నలభైకి తీసింది. కింద గేటు రిజిస్టర్ చూడండి, ఎప్పుడొచ్చిందో ఉంటుంది."

కానిస్టేబుల్ కిందికెళ్లి వచ్చాడు. రిజిస్టర్‌లో కొమురమ్మ పేరు పక్కన పదకొండూ ముప్ఫై మూడని ఉంది. ఎస్సై గొంతు తగ్గించాడు.

"మరి పదీ యాభై రెండుకి మీకు మెసేజ్ ఎందుకు రాలేదు మేడమ్?"

"సిస్టమ్ ప్రాబ్లమ్" అంది సంయుక్త.

మూడున్నరకి మామగారు భీమేశ్వరరావు చందానగర్ నుంచి ఆటోలో దిగారు. ఆయనకి ఎవరూ చెప్పలేదు. లోపలికొచ్చి, చిందరవందరగా ఉన్న గదిని దాటి, నేరుగా మంచం దగ్గరికి వెళ్లారు. వెనక్కి తిరిగి సంయుక్తని చూశారు.

"స్విచ్చాఫ్ వస్తోందమ్మా" అన్నారు.

రోజూ మూడింటికి ఆ ఫోన్‌లో 'నాన్న' అని ఒక మిస్డ్ కాల్ ఉంటుందని ఆమెకు తెలుసు. ఎప్పుడూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

"పోయింది మామయ్యగారూ. ఎత్తుకెళ్లారు."

ఆయన మంచం అంచున కూర్చున్నారు. "అలారం లాంటిదేదో పెట్టాడు కదమ్మా. ఇల్లంతా తిప్పి చూపించాడు నాకు. పని చెయ్యలేదా?" అని అడిగారు. కొడుకు చేసింది పనికిరాకుండా పోయిందా అన్న దిగులు ఆ గొంతులో ఉంది.

అవునని ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఎస్సైకి చెప్పిన మాటే చెప్పొచ్చు. సంయుక్త నేలమీద ఆయనకి ఎదురుగా కూర్చుంది.

"ఆయన చేసిందాంట్లో తప్పేం లేదండీ. ఆ ఫోన్ ఇక్కడుంటే ఆయన ఇంట్లో ఉన్నట్టు లెక్క. ఆయనుంటే అది మోగదు. నాకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు. అయినా మార్చలేదు. ఆయన ఇంట్లో ఉన్నాడని అదొక్కటే అంటూ వచ్చింది మామయ్యగారూ. ఎలా కాదనమంటారు?"

ఆయన వంగి ఆమె తలమీద చెయ్యి పెట్టారు. ఆ చెయ్యి బరువు తెలిశాక సంయుక్తకి ఏడుపు ఆగలేదు.

సాయంత్రం తాళం మార్చేవాడు వచ్చి వెళ్లాక, భీమేశ్వరరావు కళ్లజోడు పెట్టుకుని, "ఇప్పుడేమంటోందో చూపించు" అన్నారు. ఆమె యాప్ తెరిచింది.

"బయట అంటోందండీ. ఇంక ఎప్పటికీ అదే అంటుంది. పేరు తియ్యకపోయినా మెసేజ్‌లు సరిగ్గానే వస్తాయి. ఉంచేద్దామా?"

ఆయన ఆ మాట రెండుసార్లు చదువుకున్నారు.

"తీసెయ్యమ్మా. బయటికెళ్లాడని ఉంటే రోజూ ఎదురుచూస్తాం. మన వల్ల కాదు."

ఆమె వేలు ఆ పేరు మీద ఆగిపోయింది. ఆయన తొందరపెట్టలేదు. వంటింట్లోంచి కొమురమ్మ టీ తెచ్చి పక్కన పెట్టి వెళ్లింది. టీ చల్లారేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. తర్వాత సంయుక్త ఆ పేరు తీసేసింది. మెసేజ్ వెళ్లాల్సిన ఫోన్లలో అతని ఫోన్ కూడా తీసేసింది. ఇప్పుడు జాబితాలో ఆమె ఒక్కతే ఉంది.

సోమవారం ఆఫీసులో ఉండగా పదకొండున్నర దాటాక మెసేజ్ వచ్చింది. ఎదురు సీట్లో రవికిరణ్ ఏదో అడుగుతున్నాడు. ఒక్క నిమిషం అని చెప్పి ఆమె మెట్లవైపు వెళ్లింది. కొమురమ్మకి ఫోన్ చేసింది.

"ఏందమ్మా, మల్లేమన్న అయిందా?"

"ఏం కాలేదు. నువ్వు వచ్చావని తెలిసింది. అంతే. తిన్నావా?" అని అడిగింది.

"ఇంకా లేదమ్మా. నువ్వు తిన్నవా?"

సంయుక్త ఫోన్ చెవిదగ్గరే పెట్టుకుని మెట్లమీద కూర్చుంది. అవతల కొమురమ్మ పెట్టెయ్యకుండా, గిన్నెలు తోముతూనే, లైన్‌లో ఉండిపోయింది.